మురుకుల బేరం, శివరాం అలక

నా మొగడు గంగారాం మంచోడే. మంచోడైనందుకే నా పానం తీస్తడు. ఎవరేమడిగినా ఆయన నోటికి లేదన్న మాట రాదు. అందుకే మా ఇంట్ల మురుకుల బేరం నేను చూస్త, పిండి పట్టించుకొచ్చే పని ఆయన చూస్తడు.

బొంబాయి కామాటిపురల మాదొక్కటే ఖోలీ, ఒక్క అర్ర. అందుల పొద్దున లేచి నేను మురుకులు కాలిస్తే, సగం శివరాం ఒక్కడే కొంటడు. పాలమూరు దిక్కునుంచి బిల్డింగు కూలికొచ్చినోడు, నడుం పట్టేసి ఇప్పుడు దాదర్ స్టేషన్ బయట గంప పెట్టుకొని అమ్ముతున్నడు. వాడు పోయిండంటే నేను పొయ్యి ఆర్పి మళ్ల ఇటుకలు మోసుడే. ఈ మోకాళ్లతోని నాకది అయ్యే పని కాదు.

గసొంటోడు ఆ పొద్దు వచ్చి గడపల నిలబడి, "ముత్తమ్మా, ఇగనుంచి కిలోకు రూపాయి తగ్గియ్యాలె. ధారావిల మురుకులోళ్లు తగ్గిస్తమంటున్నరు" అన్నడు.

కిలోకు నాకు మిగిలేదే రూపాయి చిల్లర. నూనె భావ్ చూస్తే గుండె ఆగుతది. తగ్గియ్య పో అని నేను నోరు తెరిచేలోపలే మా ఆయన వాన్ని మంచి చేసుకుందామని అడ్డమొచ్చిండు.

"కోపం తెచ్చుకోకు శివరాం. నువ్వు మా అక్కను ఇచ్చిన ఊరోడివి. వరుసకు నాకు అల్లునివైతవు."

బేరం నడుమ ఎవడన్న ఎదుటోన్ని అల్లుడంటడా? అల్లుడంటే ఏమన్న అడుగుతడు, ఇయ్యకుంటే అలుగుతడు, మనం బతిమాలాలె. శివరాంకు ఇది చెప్పాల్నా? గంప దించి, మా మంచం మీద కూసొని గోడ దిక్కు తిరిగిండు.

"అల్లుడు నోరు తెరిచి రూపాయి అడిగితే లేదంటున్నరు. నేను చాయ్ గూడ తాగ" అన్నడు. చాయ్ తాగుమని ఇంకా ఎవరూ అననే లేదు.

వరండాల జనం జమైండ్రు. మా ఆయన నా చెవుల, "పోనీ, అర్ధరూపాయన్న..." అన్నడు. నేనొక్క చూపు చూసిన. పిండి గిర్నీ యాదికొచ్చి బయటపడ్డడు.

అర్ధరూపాయి తగ్గిస్తే ఇంక నేను బతికినట్టే. మా చాల్‌ల ఖోలీలన్ని వరుసగ ఉంటయి, గోడలు చెక్క పలకలవి, ఒక ఖోలీల మాట పది ఖోలీలకు వినబడతది. మిగిలిన సగం కొనే ఫోరస్ రోడ్డు గిరాకీలంత పొద్దుగూకేలోపల మాకు గూడ తగ్గియ్యమని నా గడపల ఉంటరు. తగ్గించుడు లేదు. అట్లని అరిస్తే వీడు సీదా ధారావికి పోతడు. నా కోపాన్ని మింగి చాయ్ పెట్టిన.

"శివరాం, మీ అమ్మ పుట్టింది ఏ ఊరు?"

"కోస్గి" అన్నడు గోడతోని.

"మా అమ్మది గూడ కోస్గే. ఎవరింటి పిల్ల?"

చెప్పిండు. పక్క ఖోలీ రత్నాబాయి ముసల్దానికి అందరి చుట్టరికాలు తెలుసు. వేళ్లు మడిచి లెక్క కట్టి, "మీ ఇద్దరి అమ్మలు అక్కచెల్లెండ్ల వరుస. వీడు నీకు తమ్ముడే" అని తీర్పిచ్చింది.

శివరాం మొకం వాడిపోయింది. తమ్మునికి అలిగే హక్కేడిది? చాయ్ చేతుల పెట్టి పక్కన కూసున్న.

"తమ్మీ, రేటు తగ్గది. ఇయ్యాల తగ్గది, రేపు గూడ తగ్గది. తగ్గిస్తే నేను మాడిన నూనెల కాల్చాలె. ఆ వాసన చూసినోడు మళ్ల నీ గంప మొకం చూడడు. గని నీకు దెబ్బ ఏడ తాకుతుందో అది చెప్పు."

చాయ్ ఒక గుక్క తాగిండు. "లోకల్ రైలు డబ్బాల జనం ఒత్తిడికి కింద వరుస మురుకులన్ని విరుగుతయి అక్కా. విరిగినవి ఎవ్వడు కొనడు."

గదీ అసలు కథ. ఈ ముక్క ముందు చెప్తే మంచం మీద అలిగే కష్టం తప్పుతుండె కదా.

"రేపటినుంచి రేకుడబ్బాల సర్దిస్త. అయినా విరిగినవి వాపసు తే, బదులు మంచియి ఇస్త. ముక్కలు మా చాల్ పిల్లలు దోసెడు లెక్కన కొంటరు."

పాత రేటుకే సరుకెత్తుకున్నడు. గడప దాటి, వరండాల అందరు వింటుండంగ, "మరి అక్క ఆదివారం తమ్మునికి బువ్వ పెట్టదా?" అన్నడు. ఏమంట? పెడత అన్న.

అప్పటిసంది ప్రతి ఆదివారం తప్పకుండ వస్తడు. మటన్ లేకుంటే మొకం ముడుచుకుంటడు. మా ఆయన మెల్లగ, "రూపాయి తగ్గిస్తే ఈ మటన్ కన్న సస్తా పడుతుండె" అంటడు. గరిటె విసిరేస్తనని ఆయనకు తెలుసు, అయినా అంటడు.

మొన్న ఆదివారం నోటినిండ బువ్వ పెట్టుకొని శివరాం చెప్పిండు. "ధారావోడు గంపకాడికొచ్చిండు అక్కా. రెండు రూపాయలు తగ్గిస్తనన్నడు. మా అక్కనడిగి చెప్తనన్న."

రెండు రూపాయలు నేను ఏ జన్మల తగ్గిస్త?

"మరి ఏం చెప్పాలె?" అన్నడు, నిజంగనే అడుగుతున్నట్టు.

వాని పల్లెంల ఇంకో మటన్ బొక్క వేసిన. కండ్లల్ల నీళ్లొచ్చినయి, కారమనుకోనీ.

"నీ దగ్గర కొంటే మా అక్క కొడతదని చెప్పు" అన్న.