జగ్గారావు గారి దబ్బనం

నాది దురుసు నోరు. తాడేపల్లిగూడెంలో పన్నెండేళ్లుగా సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాను. వచ్చినవాళ్లను కసురుతూనే ఉంటాను, వాళ్లు వస్తూనే ఉంటారు. "ఫణికిరణ్ తిడతాడు గానీ పని బాగా చేస్తాడు" అని ఊళ్లో పేరు. ఆ పేరు విని నేనూ మురిసిపోయేవాణ్ణి. తిట్టయినా చెప్పాల్సిన మాట చెప్పకుండా వదిలేసిన రోజు కూడా ఒకటుంది. ఆ రోజు గురించే ఇది.

గురువారం సాయంత్రం గుండుగొలను నుంచి నాగరత్నం గారు ఫోన్ చేశారు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆవిడ భర్త జగ్గారావు గారు వరి పండిస్తారు, నాలుగు గేదెలున్నాయి.

"బాబూ, పాత ఫోను వెనక మూత లేచిపోయిందండీ. లోపల ఏదో ఉబ్బినట్టుంది. పని మాత్రం చేస్తోంది" అన్నారు.

ఆ పాత ఫోనంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ల అమ్మాయి లహరి రెండేళ్ల క్రితం ఏలూరులో ఆస్పత్రిలో ఉండగా తల్లికి రికార్డు చేసి పంపిన మాట అందులో ఉంది. ఇరవై మూడు సెకన్లు. డెంగ్యూతో ఇరవయ్యో ఏట పోయిన పిల్ల. పిల్ల ఫోను ఆ గందరగోళంలో ఎక్కడో పోయింది. ఆ గొంతు ఇక తల్లి పాత ఫోనులో తప్ప ఎక్కడా లేదు. నిరుడు ఆవిడకు కొత్త ఫోను నేనే సిద్ధం చేసి ఇచ్చాను. "ఆ మాట దీన్లోకి రాదా బాబూ?" అని అడిగారు. వస్తుంది. ఐదు నిమిషాల పని. ఆ రోజు షాపు నిండా జనం. "పాతది మీ దగ్గరే ఉంటుందిగా పిన్నిగారూ, అది ఎక్కడికీ పోదు. ఇంకోసారి చూద్దాం లెండి" అన్నాను. ఆ ఇంకోసారి రాలేదు.

పాత ఫోనులో ఛార్జింగు నిలవక, ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద రాత్రింబవళ్లు ఛార్జర్‌కు తగిలించే ఉంచారు. ఛార్జరు కూడా పేరూ ఊరూ లేనిది, సంతలో కొన్నది. అలా వేడెక్కీ వేడెక్కీ ముసలి బ్యాటరీ ఉబ్బింది.

ఆ సాయంత్రం నేను చెప్పాల్సిన మాటలు ఎక్కువేం లేవు. వెంటనే వైరు తీసేయండి. ఆన్ చేయకండి. మూత నొక్కకండి, దేనితోనూ పొడవకండి. గుడ్డా కాగితం లేనిచోట, గచ్చు మీద ఒక ఇనుప పళ్లెంలో పెట్టి దూరంగా ఉండండి, నేనే వస్తాను. అరనిమిషం మాట. నేనన్నది మాత్రం ఇది: "బ్యాటరీకి లోపల గ్యాస్ పట్టింది పిన్నిగారూ. సోమవారం తీసుకురండి, మార్చేద్దాం." ఫోన్ పెట్టేశాను. నాకు తెలిసింది లోకానికంతా తెలుసనుకోవడం మా వృత్తివాళ్ల జబ్బు.

ఆవిడ ఆ మాటే భర్తతో అన్నారు. గ్యాస్ పట్టిందట.

జగ్గారావు గారికి ఉబ్బరం కొత్త కాదు. పచ్చి మేత ఎక్కువై పడిపోయిన గేదెను, డాక్టరు వచ్చేలోగా ప్రాణం పోతుందని, ఎడమ డొక్కలో పొడిచి గాలి తీసి ఒకసారి బతికించారు. ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సోమవారం దాకా ఆగితే ఫోను చచ్చిపోతుందేమోనని ఆయన భయం. శుక్రవారం పొద్దున, ఆవిడ పెరట్లో ఉండగా, ధాన్యం బస్తాలు కుట్టే దబ్బనం తీసుకున్నారు. ఉబ్బిన చోట మెల్లగా గుచ్చారు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. బుస్సుమని తెల్లటి పొగ, వెంటనే మంట. ఆయన ఫోనును కింద పడేయలేదు. మంట మండుతుండగానే అరచేతిలో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తారు, అందులో పిల్ల ఉందన్నట్టు. ఆవిడే చేతి మీద కొట్టి కింద పడేయించి, బకెట్టు తర్వాత బకెట్టు నీళ్లు పోశారు.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. భీమడోలులో కట్టు కట్టించుకొచ్చి ఆయన అరుగు మీద కూర్చున్నారు. ఫోను పెరట్లోనే నల్లగా పడి ఉంది. కాలిన బ్యాటరీ మళ్లీ అంటుకోవచ్చు. అందుకే ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని పట్టకారుతో తీసి చూశాను. బోర్డు బొగ్గయింది. చిప్పులు పైకి లేచిపోయాయి. వెంట తెచ్చిన రేకు డబ్బాలో పొడి ఇసుక మధ్య దాన్ని పెట్టి, గోడకు దూరంగా ఆరుబయట ఉంచాను.

"బాబూ, ఫణీ, గొంతొక్కటీ వస్తే చాలయ్యా. ఫోను వద్దు" అన్నారు జగ్గారావు గారు.

"రాదు బాబాయిగారూ. ఎవరి దగ్గరికి పట్టుకెళ్లినా రాదు."

"నేనే పొడిచానయ్యా. గాలి పోతే కుదుటపడుతుందనుకున్నాను."

"తప్పు నాదండీ. పొడవద్దని చెప్పాల్సినవాణ్ణి చెప్పలేదు" అన్నాను. పైకి అన్నాను గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కాలిన చేయి నాది కాదు.

ఏదో ఒక పని చేయకపోతే అక్కడ నిలబడలేననిపించింది. ఇంట్లో పాతవన్నీ తెమ్మన్నాను. ఆవిడ సొరుగే ఊడదీసి తెచ్చారు. రెండు బటన్ ఫోన్లు, తీగ బయటపడిన మూడు ఛార్జర్లు, తాళంచెవులూ చిల్లరా మధ్య ఒక విడి బ్యాటరీ. ఇనుము తగిలితే అదీ అంటుకుంటుంది. దాని కొసలకు టేపు వేసి విడిగా పెట్టాను. చెత్తబండిలో వేయకూడదని, పొయ్యిలో అసలే వేయకూడదని, షాపులో పోగుచేసినవన్నీ రీసైక్లింగువాళ్ల బండికి ఇస్తామని చెప్పాను. అన్నీ సరైన మాటలే. నిన్న చెప్పాల్సినవి.

ఆవిడ అన్నిటికీ తల ఊపారు. భర్తను ఒక్క మాటా అనలేదు. అదే భరించలేకపోయాను.

అప్పుడు జగ్గారావు గారు అన్నారు. "రత్నం, నేనది ఎప్పుడూ వినలేదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. రెండేళ్లు అదే ఇంట్లో ఉండి.

"నువ్వది పెట్టినప్పుడల్లా లేచి పాకలోకి పోయేవాణ్ణి. రేపు వింటాలే, రేపు వింటాలే అనుకునేవాణ్ణి. ఏమందో చెప్పవూ?"

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత తీసేశారు. గొంతు సన్నగా చేసుకుని, ఆయాసంతో ఆగి ఆగి చెప్పారు. పిల్ల ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుందో అక్కడక్కడే ఆగారు.

"అమ్మా... రేపొచ్చేటప్పుడు నా నీలం దుప్పటి తీసుకురా. ఇక్కడిది గుచ్చుకుంటోంది. నువ్వు భోంచేశావా? చేశానని అబద్ధం చెప్పకు."

ఆగిపోయారు.

"ఇంకా ఉంది. కిటికీలోంచి చూసేవాణ్ణి రత్నం. దాంతోపాటు నీ పెదాలు కదిలేవి. ఇంకాస్సేపు కదిలేవి" అన్నారు ఆయన.

"వద్దులెండి."

"ఉన్నదంతా చెప్పు."

ఆవిడ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"నాన్నని లోపలికి రమ్మను అమ్మా. వార్డు బయటే నిలబడుతున్నాడు. నేను ఏడవనని చెప్పు... ఒక్కసారి రమ్మను."

జగ్గారావు గారు చిన్నపిల్లాడిలా అడిగారు: "మరి నాకు చెప్పలేదేం?"

"రాత్రి పంపిందండీ. తెల్లారి నేను వినేసరికే పిల్ల లేదు. ఆ తర్వాత మీకు ఎలా చెప్పను?"

ఆయన కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, "ఇంకోసారి చెప్పు" అన్నారు.

ఆవిడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి దుప్పటి రంగు దగ్గర తడబడ్డారు. "నీలమే అంది కదూ?" అని కంగారుగా మా ఇద్దరి వైపూ చూశారు. చెప్పడానికి ఇక ఎవరూ లేరు.