సంచిలో రెండు వందల పన్నెండు తలలు

ఆ గోడౌనులో అడుగు పెట్టగానే పిట్ట నోరు తెరిచింది, మూయడం మరిచిపోయింది. నేలనుంచి కప్పుదాకా ఇనుప అరలు, అరల నిండా అట్టపెట్టెలు, పెట్టెల నిండా తలరంగు ట్యూబులు, షాంపూ డబ్బాలు, రంగులో కలిపే డెవలపర్ సీసాలు. పైఅరలోని సరుకు దించడానికి ఒకాయన చక్రాల నిచ్చెన ఎక్కాడు. ఎక్కుతూనే ఉన్నాడు. లోకంలో ఇన్ని తలలున్నాయా, వాటికి ఇంత రంగు కావాలా అని పిట్టకు గుండె ఝల్లుమంది.

పిట్ట అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మనిషి చిన్నది, ఒకచోట నిలవదు, అందుకని వీధి వీధంతా పెట్టింది. మూడు కుర్చీల సెలూను ఆమెది. మొగుడు లారీ డ్రైవరు, నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే. సెలూన్లో ఆమెకు తోడు అత్తగారు ఒక్కర్తే. తువ్వాళ్లు ఉతికేదీ, రంగు కలిపిన గిన్నెలు కడిగేదీ ఆవిడే.

సెలూను బాగానే నడుస్తోంది. కానీ ఇంటి యజమాని వచ్చే నెలనుంచి అద్దె మూడు వేలు పెంచుతున్నానన్నాడు. ధరలు పెంచితే వచ్చేవాళ్లు పక్కవీధికి పోతారు. మిగిలిన దారి ఒక్కటే. పిట్ట ఇన్నాళ్లూ మూలమీది దుకాణంలో ట్యూబు రెండు వందల అరవై పెట్టి చిల్లరగా కొంటోంది. అదే హోల్‌సేలుగా కొంటే ఆ మూడు వేలు అక్కడే మిగలాలి. దాచుకున్నది నలభై వేలు. అది తప్పు చోట పోసిందా, సెలూనుకు తాళం పడుతుంది, తను మళ్లీ ఎవరి కుర్చీ వెనకాలో జీతానికి నిలబడాలి. పదేళ్లు అలా నిలబడింది. ఇంకోసారి నిలబడే ఓపిక ఆమెకు లేదు.

గోడౌను మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు, ట్యూబు నూట ఎనభై అన్నాడు. పిట్ట మొహం వెలిగింది.

"అయితే మేడమ్, మొదటి ఆర్డరు తక్కువలో తక్కువ డెబ్బై అయిదు వేలు ఉండాలి. ఆ తర్వాత నెలనెలా ముప్పై వేల సరుకు ఎత్తాలి. ముప్పై రోజులు అరువిస్తాం, హామీకి చెక్కు ఉంచుకుంటాం."

వెలిగిన మొహం అంతే తొందరగా ఆరిపోయింది. తన నెల వాడకం ముప్పై వేలలో సగం కూడా ఉండదని ఆమెకు వేళ్ల మీద లెక్క పెట్టకుండానే తెలుసు. నిచ్చెన మీది మనిషిని ఇంకోసారి చూసి, దండం పెట్టి బయటికొచ్చింది.

రెండో ఆయన ఫోనులో దొరికాడు. గొంతులో బెల్లం. ట్యూబు నూట ఇరవైకే ఇస్తానన్నాడు! పెట్టెకు పన్నెండు షేడ్లు, షేడుకు డజను, మొత్తం నూట నలభై నాలుగు. కనీసం రెండు పెట్టెలు తీసుకోవాలి. డబ్బు మొత్తం ముందే పంపాలి, రవాణా ఖర్చు మనదే, వాపసు లేదు. అన్నీ కలిపి ముప్పై ఎనిమిదిన్నర వేలు. "రేపు మధ్యాహ్నం దాకే మేడమ్ ఈ రేటు. మీ కోసం ఆపి ఉంచాను" అన్నాడు. నలభై వేలలోకి సరిగ్గా ఒదిగిందని పిట్ట అక్కడే నిలబడి దేవుడికి థాంక్స్ చెప్పేసింది.

మూడో చోటుకి మనసులేకుండానే వెళ్లింది. ఇరుకు సందులో కొట్టు. లోపల కళ్లజోడు ముక్కుమీదికి జారిన ఒకావిడ పెట్టెల మధ్య కూర్చుని ఉంది. ట్యూబు నూట తొంభై అయిదు అంది. కనీసం పది వేల సరుకు. షేడ్లు మనిష్టం, ఏ షేడైనా ఆరేసి చొప్పున. మొదటి మూడు ఆర్డర్లకు సగం ముందు, సగం సరుకు అందాక. నాలుగోదాన్నుంచి పదిహేను రోజులు అరువు. గడువు ఏడాదికన్నా తక్కువున్న ట్యూబు వస్తే మార్చి ఇస్తుంది.

"నెలకి ఏ షేడు ఎన్ని వాడతారు?" అని అడిగింది చివర్లో.

"అదీ... అన్నీ వాడతామండీ."

"అన్నీ ఎవరూ వాడరమ్మా. లెక్క తీసుకుని రా. అప్పుడు మాట్లాడుకుందాం."

పిట్టకు ఒళ్లు మండింది. డెబ్బై అయిదు రూపాయలు ఎక్కువ చెప్పడమే కాక పరీక్ష కూడా పెడుతుందా! సరుకు కొనడానికి వచ్చామా, పెళ్లిచూపులకి వచ్చామా? అదే మాట గొణుక్కుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు సెలూనుకు సెలవు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పిట్ట కుర్చీలో కూర్చుని, ఫోనులో ఆ బెల్లం గొంతాయనకు డబ్బు పంపడానికి అంకెలు నొక్కుతోంది. అత్తగారు తువ్వాళ్లు మడతపెడుతూ వెనకనుంచి తొంగి చూసింది. ఆయన పంపిన ఫోటోలో పన్నెండు రంగుల పట్టీలు వరసగా ఉన్నాయి.

"ఈ నీలం ఎవరికే?"

"పెట్టెలో వస్తుందత్తయ్యా. కలిపి ఇస్తారు."

"మన వీధిలో నీలం తల నేనొక్కటీ చూళ్లేదు. ఈ ఊదా ఎవరికి? ఈ పచ్చ? చిలకలకి వేస్తావా?"

"అబ్బ, అత్తయ్యా! ట్యూబు నూట ఇరవై. ఇంత చవగ్గా ఎవరిస్తారు?"

"చవగ్గా వచ్చిందని ఏనుగుని కొంటే, కట్టేయడానికి గుంజ ఎక్కడిది?" అంది అత్తగారు. ఆ తర్వాత మడతలు ఆపింది. "మనకి ఎక్కువ పోయేది ఆ ముదురు గోధుమ, మూడో నంబరు కదే. నల్లది దాని తర్వాత."

"మీకెలా తెలుసు?"

"ట్యూబు కోసి, మిగిలింది గీకి, చదును చేసేది నేనే కదా."

లేచి వెనకగదిలోకి వెళ్లింది. ఒక గోతాన్ని ఈడ్చుకుంటూ తెచ్చి కుర్చీల మధ్య గుమ్మరించింది. గలగలమని అల్యూమినియం నేలమీద పరుచుకుంది. పిండేసి, సీసాతో రుద్ది, రేకుల్లా చేసిన ఖాళీ ట్యూబులు. నాలుగు నెలలవి. పాత సామాన్ల వాడు కిలోకి తక్కువ చెబుతున్నాడని ఆవిడ పంతం పట్టి అమ్మకుండా ఉంచింది. ప్రతి రేకు మెడ దగ్గరా నంబరు ఇంకా కనిపిస్తోంది.

పిట్ట ఫోను పక్కన పెట్టింది. కాళ్ల చుట్టూ మెరుస్తున్న ఆ కుప్పను చూస్తూ అలాగే ఉండిపోయింది. నిన్న గోడౌనులో అరలు చూసి నోరు తెరిచింది గానీ, ఇది వేరు. అవన్నీ ఎవరి తలలో, ఇవన్నీ తన చేతుల మీదుగా వెళ్లిన తలలు. ఒక్కొక్కటీ తను బ్రష్షు పట్టుకుని, పాయ తీసి, మొదలంటా పూసింది.

ఇద్దరూ చతికిలబడి నంబర్లవారీగా వేరుచేయడం మొదలుపెట్టారు.

"ఇది టీచరమ్మది" అంది అత్తగారు ఒక రేకు తిప్పి. "జుట్టు పొట్టి కాబట్టి సగం మిగిలేది, ఆ సగం వాళ్ల చెల్లెలికి. ఈ ఎరుపు, ఉద్యోగం వచ్చిందని వేయించుకున్న పిల్లది. ఈ బంగారు రంగు మళ్లీ రాలేదు, పాపం దానికి నప్పలేదు."

"అవన్నీ గుర్తున్నాయా మీకు?"

"గిన్నె కడిగేటప్పుడు తోచుబాటు కావద్దూ?"

ఆవిడ అలా చెప్పుకుపోతుంటే పిట్టకు ఒళ్లు గగుర్పొడిచింది. మూడేళ్లుగా ఈ మనిషి తన వెనకే నిలబడి ఉంది. వెనక్కి తిరిగి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు తను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. వచ్చిన ఏడుపును ముక్కులోనే ఎగబీల్చి లెక్క రాసింది.

మొత్తం రెండు వందల పన్నెండు. మూడో నంబరు నూట పద్దెనిమిది. నలుపు అరవై ఒకటి. నాలుగో నంబరు గోధుమ ఇరవై నాలుగు. ఎరుపు ఏడు. బంగారు రెండు. నీలం, ఊదా, పచ్చా, మిగతావేవీ ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇప్పుడు ఆ రెండు పెట్టెల్ని ఈ కుప్ప పక్కన పెట్టి చూసింది. షేడుకు ఇరవై నాలుగు వస్తాయి. మూడో నంబరు నెల తిరగకుండానే అయిపోతుంది, మళ్లీ మూలమీది దుకాణానికి పరిగెత్తాలి. బంగారు రంగు నాలుగేళ్లకు గానీ అవదు, ఆలోగా గడువే దాటిపోతుంది. ఏడు షేడ్లు, నూట అరవై ఎనిమిది ట్యూబులు, మూత కూడా తీయకుండా అరలో కూర్చుంటాయి. గబగబా కదిలేవి మూడు షేడ్లు, డెబ్బై రెండు ట్యూబులే. కట్టే డబ్బంతా ఆ డెబ్బై రెండు మీద వేస్తే ట్యూబు అయిదు వందల ముప్పై పైన పడుతోంది!

"అమ్మో" అంది పిట్ట. రెండోసారి లెక్క వేసింది. అంకె మారలేదు.

ఫోను మోగింది. బెల్లం గొంతు. "మేడమ్, టైమైపోతోంది."

"మూడో నంబరొక్కటే నాలుగు డజన్లు ఇస్తారా?"

"అలా కుదరదు మేడమ్, పెట్టె పెట్టెగానే."

"అయితే మాకూ కుదరదండీ" అని పెట్టేసింది.

సాయంత్రం అత్తా కోడళ్లు ఇద్దరూ ఆ ఇరుకు సందులోకి వెళ్లారు. కొట్టావిడ కాగితం అందుకుని, కళ్లజోడు పైకి తోసుకుని, పైనుంచి కిందకి చదివింది. కిందనుంచి పైకి మళ్లీ చదివింది.

"నాలుగు నెలలదా? షేడు షేడుకీనా?" అంది. "పెద్ద పెద్ద సెలూన్లవాళ్లు కూడా నాకిలా రాసివ్వలేదమ్మా. ఎవరు తీశారు ఈ లెక్క?"

పిట్ట అత్తగారి వైపు చూపించింది. ఆవిడ అప్పటికే ఒక పెట్టె విప్పి ట్యూబు మడతమీది తేదీ వెతుకుతోంది.

బేరం ఎక్కువ సేపు పట్టలేదు. మూడో నంబరు ముప్పై, నలుపు పద్దెనిమిది, గోధుమ ఆరు, ఎరుపు ఆరు అని కొట్టావిడ రాస్తుంటే అత్తగారు ఆపింది.

"ఎరుపు ఆరొద్దు. మూడు నెలలదాకా పడుంటుంది. మూడివ్వు."

"అరడజను విప్పనండీ నేను. ఎవరికీ విప్పలేదు."

"విప్పితే ఏమవుతుంది? మిగతా మూడూ పారిపోతాయా?"

కొట్టావిడకు నవ్వొచ్చింది. కత్తెర తీసుకుని ప్యాకెట్టు కోసింది. యాభై ఏడు ట్యూబులు, ఆరు లీటర్ల డెవలపరు, అంతా కలిపి పన్నెండు వేల ఆరు వందల చిల్లర. సగం ఇప్పుడు, సగం సరుకు అందాక. మూలమీది దుకాణం ధరకన్నా ట్యూబుకు అరవై అయిదు మిగులుతోంది. నెలకు యాభై మూడు ట్యూబులమీద అద్దెకు పెరిగిన మూడు వేలూ వచ్చేస్తాయి. దాచుకున్న దాంట్లో ఇరవై ఏడు వేలు అలాగే ఉంటాయి. పిట్ట గుండెల మీంచి పెద్ద బండ దిగింది.

కొట్టావిడ ఖాతా కార్డు తీసింది. సెలూను పేరు రాసింది, ఫోను నంబరు రాసింది.

"ఆర్డరు ఎవరు చెబితే సరుకు పంపాలి? ఒక్కరి పేరే రాస్తాను. ఆ పేరుతో ఫోనొస్తేనే పంపుతాను."

"మా అత్తయ్య" అంది పిట్ట, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

అత్తగారు తేదీ చూస్తున్న ట్యూబును కింద పెట్టేసింది. "నేనేంటే? గిన్నెలు కడిగేదాన్ని."

"మీరు కాకపోతే ఇంకెవరికి తెలుసత్తయ్యా? నాకు తెలియదు. మూడేళ్లనుంచి తెలియదు."

కొట్టావిడ కార్డు ఇటు తిప్పి, కలం ముందు పెట్టింది. అత్తగారు చేతులు చీరకొంగుకు తుడుచుకుంది. గోళ్ల చుట్టూ ఎన్నిసార్లు కడిగినా వదలని నల్లటి మరకలు. కలం పట్టుకుని, ఒక్కో అక్షరం ఆచితూచి, తన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా రాసింది. రాసినదాన్ని దూరంగా పెట్టుకుని చూసుకుంది. పిట్ట ఆ పేరు అంతా కలిపి చదవడం అదే మొదటిసారి.

"సరుకు నా పేరుమీదే వస్తుందా?" అని అడిగింది అత్తగారు, గొంతు తగ్గించి.

"మీ పేరుమీదేనండీ. శుక్రవారం వస్తుంది."