చెంప మీది ఆవిరి

ఫ్లెక్సీ షాపులో పద్మమ్మ నాలుగోసారి కుర్చీలోంచి లేచింది. తెల్లారితే మెదక్ బస్టాండ్ పక్కన ఆమె సొంత ఛాయ్ హోటల్ మొదలు. ఫ్లెక్సీ బోర్డు ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది.

డిజైనర్ రాహేలుకూ కుదురు లేదు. ఫొటోలో పద్మమ్మ ఛాయ్ కప్పు గడ్డం దగ్గర పట్టుకుని నవ్వుతోంది. ఎడమ చెంప మీద కాలిన మచ్చ. "ఆవిరి పెట్టు, ఆ మచ్చ మీదికెల్లే పోనియ్యి. ఆమెకు చెప్పకు, బాధపడ్తది" అని షాపు ఓనరు ఇంద్రకరణ్ పొద్దున్నే చెప్పి పోయాడు. ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.

నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తీసిన ఆవిరి బొమ్మను రాహేలు ఫొటో మీద, నలుపును మాయం చేసే 'స్క్రీన్' మోడ్‌లో పెట్టింది. నలుపు పోయి ఆవిరి మిగిలింది. మచ్చ మాత్రం కనిపిస్తూనే ఉంది. ఆ ఆవిరి పొరను, అదే లేయర్‌ను, ఇంకో మూడుసార్లు కాపీ చేసి ఒకదాని మీద ఒకటి పెట్టింది. మచ్చ మునిగింది.

"గిదేంది బిడ్డా, తడికట్టె పొగ లెక్కున్నది!" పద్మమ్మ స్క్రీన్ మీదికి వంగింది. "ఫొటోల నా కొంగు గీ దిక్కు ఎగురుతుంటే, ఆవిరి గా దిక్కు పోతదా? పద్దెనిమిదేండ్లు మంది హోటల్ల ఛాయ్ పోసిన. ఆవిరి జానెడు లేస్తది, పల్చనైతది, పోతది. గిది మొఖం దాకా గట్టిగనే ఉన్నది."

రాహేలు మౌస్ వదిలేసింది. చెప్పకుండా ఇది సరిచేయడం కుదరదు.

"అమ్మా, నిజం ఆవిరి పెడితే... చెంప కనబడ్తది. దాన్ని కప్పుదామనే గిట్ల చేసిన."

పద్మమ్మ చెయ్యి చెంప మీదికి పోయింది.

"కాగే పాలు మీద వడ్డయి. గంతే గదా" అంది. "రేపు గిరాకీలు నా మొఖం చూడరా? మస్తు మంది నన్ను గిట్లనే గుర్తువడ్తరు. ఛాయ్ అబద్ధమనిపించొద్దు, గది చాలు."

రాహేలు కాపీలన్నీ తీసేసింది. మిగిలిన లేయర్ చిక్కదనాన్ని, ఒపాసిటీని, ముప్పై అయిదు శాతానికి దించింది. గాలి వీస్తున్న వైపు కొంగుతోపాటే వాలేలా వంచింది. పైభాగాన్ని కొంచెం బ్లర్ చేసి, అంచుల్ని మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా చెరిపింది. చీర ముదురు ఆకుపచ్చ మీద సన్నటి తెల్లని తెర లేచింది. వెనక చీర అంచు కనిపిస్తోంది. వెలుతురున్న ఆకాశం దగ్గరికి పోయేసరికి అది లేనట్టే అయింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఇంద్రకరణ్.

"మచ్చ కప్పినవా?"

"లేదన్నా. పద్మమ్మ వద్దన్నది."

"నిన్నెవరు అడగమన్నరు?" అతడి గొంతు పెరిగింది. పద్మమ్మ ఫోన్ లాక్కుంది.

"నేనే వద్దన్న. నా మొఖమయ్యా! జల్ది ప్రింట్ కొట్టమని చెప్పుండ్రి."

మిషన్ కదిలింది. తన పని పోతుందేమోనని రాహేలు ఇంకా ఫోన్ వైపే చూస్తోంది. పద్మమ్మ మాత్రం పక్కనే నిలబడి, ఒక్కొక్క గీత బయటికొస్తున్న తన ముఖాన్ని రెప్ప వేయకుండా చూసింది.