రికార్డులో లేని మూడు తీగలు

మోహిని ఉద్యోగం పోవడానికి కారణం నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

కోటబొమ్మాళి దాటాక హైవే పక్కన రేకుల షెడ్లలో మొదలైన కాలేజీ మాది. 2002లో ఇద్దరం ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం. నాది హరిశ్చంద్రపురం, మాకు జీడితోటలున్నాయి. మోహినిది భావనపాడు. వాళ్ల నాన్న పోలయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు. బెంగళూరు నుంచి చిప్పుల డిజైన్ కంపెనీవాళ్లు వచ్చి రాతపరీక్ష పెడితే కాలేజీ మొత్తం మీద మేమిద్దరమే నెగ్గాం. ఒక్క షరతు పెట్టారు. ప్రాజెక్టులో రెండు వందలకి నూట యాభై దాటాలి.

ప్రాజెక్టు చిన్నదే. రేవులో గాలివాన హెచ్చరికకి ఎనిమిది దీపాలు. ఒకటి వెలిగి ఆరితే పక్కది వెలగాలి, వెలుగు అలా నడుచుకుంటూ పోవాలి. దీపానికి, వెలగాలా ఆరాలా అన్నది గుర్తుంచుకునే ఒక ఫ్లిప్‌ఫ్లాప్. తాళంలా కొట్టే క్లాక్ పల్స్ వచ్చినప్పుడల్లా ప్రతి ఫ్లిప్‌ఫ్లాపూ తన ముందువాడి దగ్గరున్నది తీసుకుంటుంది. మొదటి నాలుగూ నా బోర్డు మీద, తర్వాతి నాలుగూ ఆమె బోర్డు మీద. రెండో బోర్డుకి వెళ్లేసరికి క్లాక్ నీరసిస్తుందని మా రామూర్తి సారు దాని దారిలో రెండు నాట్ గేట్లు పెట్టించాడు. వచ్చిన సిగ్నల్ని ఒకటి తిరగేస్తే రెండోది మళ్లీ సరిచేస్తుంది. ఆ బొమ్మ రికార్డులోకెక్కింది, బైండింగయింది, సారు సంతకం కూడా పడింది.

తీరా నడిపితే నాలుగూ ఐదూ ఒకేసారి వెలిగాయి.

"క్లాక్ స్పీడెక్కువైంది. తగ్గించండి," అన్నాడు సారు.

తగ్గించాం. సెకనుకొకటి, తర్వాత మూడు సెకన్లకొకటి. అయినా నాలుగూ ఐదూ జంటగానే వెలిగాయి. నేను ఐసీ చిప్పులు మార్చాను, తీగలు మార్చాను. మోహిని రెండు రోజులు పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

మూడో రోజు క్యాంటీనులో నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "రేవులో తట్టలందిత్తారు సూడు, వరసగా నిలబడి. ఈల ఇనగానే ముందోడి సేతిలో తట్ట నువ్వు లాక్కోవాల. నాకు ఈల ఆలీసంగా ఇనపడిందనుకో. అప్పటికే నువ్వు పాత తట్ట ఒగ్గేసి కొత్తది పట్టీసినావు. నాను ఆ కొత్తదే లాగుతాను. పాతది ఎవులికీ అందదు."

"అయితే ఈల మెల్లగా ఊదితే పోద్ది కదే."

"గంటకోసారి ఊదినా అంతే మావా. ఎన్నిసార్లు ఊదినాడన్నది కాదు. ఊదినప్పుడల్లా నాకు నీకన్నా ఎంత ఎనకగా ఇనపడతందన్నదే లెక్క."

కాగితం మీద వేసి చూపించింది. నాట్ గేటు ఒక్కొక్కటి పది నానోసెకన్లు తింటుంది కాబట్టి ఆమె బోర్డుకి క్లాక్ ఇరవై ఆలస్యం. క్లాక్ వచ్చాక కూడా ఐదో ఫ్లిప్‌ఫ్లాప్ ముందు పాత విలువ ఇంకో ఐదు నిలకడగా ఉండాలి, దాన్నే హోల్డ్ టైమంటారు. మొత్తం ఇరవై ఐదు. నా నాలుగోది మాత్రం పదిహేనుకే కొత్త విలువ బయటపెట్టేస్తోంది.

"మరేటి సేద్దాం?"

"రెండు బోర్డులకీ ఒకే సోటు నుండి, ఒకేపాటి తీగతో క్లాక్ ఇవ్వాల. అదే అన్నిటికన్నా మంచిది. లేదా క్లాక్ ఆ కొస నుండి ఈ కొసకి తేవాల, ఎనకోడికి ముందు ఇనపడేలా. మనది నిదానం క్లాక్ కాబట్టి దానికీ ఇబ్బంది లేదు. ఏదీ కుదరకపోతే డేటానే కాసేపు ఆపాల."

మొదటి రెండూ సారు దగ్గరకి తీసుకెళ్లాం. ఆయన రికార్డు మూసి అట్ట మీద చెయ్యి పెట్టాడు. "సంతకమయిపోయిన బొమ్మ మారుస్తానంటావేంటమ్మా? నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు."

ఇక మిగిలింది మూడోది. క్లాక్ దారిలో ఉన్న ఐసీలోనే నాట్ గేట్లు నాలుగు ఖాళీగా ఉన్నాయి. మోహిని మూడు పచ్చ తీగలు తెచ్చి, నాలుగో ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి ఐదోదానికి పోయే డేటాని ఆ ఖాళీ గేట్లలో రెండింటి గుండా తిప్పింది. పదిహేను కాస్తా ముప్పై ఐదయింది. దీపాలు వరసగా నడిచాయి. మోహిని గంటసేపు వాటినే చూస్తూ కూర్చుంది.

మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉండేది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చే ముందురోజు, ప్రతి బోర్డునీ సంతకమైన రికార్డుతో సరిచూసేవారు. బొమ్మలో లేనిది బోర్డు మీద ఉండకూడదు. ఆ రోజు మోహిని నాలుగింటి బస్సుకి వెళ్లిపోయింది. ఐదింటికి సారు మా బల్ల దగ్గరకొచ్చాడు.

"ఈ పచ్చ తీగలేంటి మనోహర్? నాట్ మీద నాట్. తిరగేసి మళ్లీ తిరగేస్తే ఏమొస్తుంది? అదే వస్తుంది. దండగ. తీసి ఒక్క తీగ వేసెయ్."

క్లాక్ దారిలో ఆయన పెట్టించినవీ నాట్ మీద నాటే. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. సారు చేతిలో ఇంటర్నల్ మార్కులున్నాయి. తీగలు తీసేశాను.

తీశాక భయమేసి, సిగ్నల్ చూసే ఆసిల్లోస్కోపు ప్రోబు తెచ్చి ఆ తీగకే తగిలించి నడిపాను. దీపాలు చక్కగా నడిచాయి. పదిసార్లు చూశాను. చూశావా అన్నట్టు సారు నవ్వాడు. నా మనసు తేలికపడింది. ప్రోబు తీసి, కట్టేసి ఇంటికెళ్లాను. మోహినికి కబురు పెట్టలేదు.

మర్నాడు ఎగ్జామినర్ ముందు స్విచ్చి వేస్తే నాలుగూ ఐదూ కలిసి వెలిగాయి.

మోహిని బోర్డు వైపు చూసింది. పచ్చ తీగలుండాల్సిన చోట ఒకే ఒక ఎర్ర తీగ. తర్వాత నా వైపు చూసింది. నేను రికార్డు పేజీలు తిప్పాను.

"ఎందుకిలా అవుతోంది?" అని ఎగ్జామినర్ నన్నడిగాడు. సారు నా ఎదురుగానే ఉన్నాడు.

"క్లాక్ స్పీడెక్కువండి."

అదే ప్రశ్న మోహినినడిగాడు. ఆమె హోల్డ్ టైము గురించి చెప్పడం మొదలుపెట్టింది. మాటల మధ్యలో ప్రోబు తీసి ఎర్ర తీగకి పెట్టింది. దీపాలు సరిగ్గా నడిచాయి. "ప్రోబు బరువుకి డేటా కాస్త ఎనకబడతందండి. తీసేస్తే మళ్లీ తప్పుతాది," అని తీసి చూపించింది. తప్పింది. "మూడు తీగలివ్వండి, ఐదు నిమిషాల్లో సరిసేత్తాను."

"రికార్డులో ఉన్నాయా ఆ తీగలు?" అన్నాడు సారు.

ఎగ్జామినర్ గడియారం చూసుకున్నాడు. ఇంకా పదకొండు బ్యాచిలున్నాయి. "రేపు గాలివానొస్తే రేవులో ప్రోబు పట్టుకుని నువ్వు నిలబడతావామ్మా?" అన్నాడు. సారు నవ్వాడు. నేనూ నవ్వాను.

నాకు నూట అరవై ఎనిమిది. ఆమెకి నూట నలభై ఒకటి.

బెంగళూరులో నాకు మొదట అప్పజెప్పిన పని ఏమిటంటే, చిప్పులో హోల్డ్ తప్పిన చోట్ల వెతికి డేటా దారిలో బఫర్లు పెట్టడం. ముందు క్లాక్ కొమ్మలు సమానం చేస్తాం, అప్పటికీ తప్పినచోట బఫర్ వేస్తాం. ఒక్కో చిప్పులో వేలు. బఫరంటే లోపల నాట్ మీద నాటే. దండగని అక్కడ ఎవడూ అనలేదు.

2008లో పని మీద ఊరొచ్చి కాలేజీకి వెళ్లాను. అప్పటికి షెడ్లు పోయి మేడలొచ్చాయి. మోహిని అదే ల్యాబులో అసిస్టెంటు. పిల్లల బోర్డుల్ని రికార్డుతో సరిచూస్తోంది. మా దీపాల ప్రాజెక్టు ఇప్పుడు ల్యాబు మాన్యువల్లోకెక్కింది. నాలుగుకీ ఐదుకీ మధ్య రెండు నాట్ గేట్లతో బొమ్మ అచ్చయింది. కింద, రూపకల్పన: రామూర్తి, విభాగాధిపతి.

"ఏటిది మోహినీ?"

"రికార్డులోకెక్కింది కదా. ఇంక ఎవులూ తీయరు."

అప్పుడు చెప్పాను. ఆ సాయంత్రం తీగలు తీసింది నేనేనని, తీశాక ప్రోబు పెట్టి పదిసార్లు చూశానని, బాగానే నడిచిందని. ఆమె చేతిలో బోర్డు తిప్పి రెండో వైపు చూసింది. ఒక తీగ వదులుగా ఉంటే బొటనవేలితో నొక్కింది.

"ప్రోబు తీసి ఒక్కసారి సూడాల్సింది మనోహరు గారూ," అంది.

మోహిని నన్ను గారూ అనడం అదే మొదలు.