తలుపు పట్టని ఫ్రిజ్

మా ఫ్రిజ్ తలుపు తీస్తే ఏదో ఒకటి కాలి మీద పడాల్సిందే. ఒకరోజు నిమ్మకాయ, ఒకరోజు పెరుగు గిన్నె మూత. ఇంకెవరైనా అయితే విసుక్కునేవారు. నాకు మాత్రం లోలోపల గొప్పగా ఉండేది. ఫ్రిజ్ ఖాళీగా ఉందంటే ఆ ఇంట్లో పెద్దదిక్కు లేనట్టేనని నా లెక్క.

కొడుకు ఇంటికి వచ్చి ఏడు నెలలైంది. వచ్చిన వారంలోనే ఆ ఫ్రిజ్‌కి ముస్తాబు చేశాను. అద్దం అరలు బోసిగా ఉన్నాయని, ప్రతి అరకీ సరిపడా తెల్ల గుడ్డ కత్తిరించి, అంచుకి గులాబి రంగు కుచ్చులు కుట్టి పరిచాను. కుచ్చులు అర ముందుకు వేలాడుతూ ఉంటే ఎంత ముచ్చటగా ఉండేదో! అప్పటికి కోడలికి నెలలు నిండుతున్నాయి. ఆ కుచ్చుల్ని వేలితో సవరిస్తూ, "మీ చేతిలో ఏదో ఉంది అత్తయ్యా" అంది. ఆ ఒక్క మాటకి నేను ఇల్లంతా కుచ్చులు కుట్టగలను.

మా కోడలు సిటీ బస్సు నడుపుతుంది. ఆ ఉద్యోగం కోసం రెండుసార్లు పరీక్ష తప్పి మూడోసారి గెలిచింది. మనవరాలికి ఐదో నెల రాగానే మళ్ళీ డ్యూటీలో చేరింది. తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. ముందురోజే పాలు పంపుతో తీసి, చిన్న చిన్న సీసాల్లో పోసి, తేదీ, టైమూ రాసి నా చేతికిస్తుంది. నేను వాటిని ఫ్రిజ్ తలుపుకున్న అరలో వరసగా నిలబెట్టేదాన్ని. లోపల పెడితే ఉల్లిపాయల వాసన అంటుకుంటుందని నా భయం. పైగా చేతికి అందుతాయి. ఇక లోపలంతా అలసిపోయి వచ్చే కోడలి కోసం వండి పెట్టినవే. రెండు రోజుల కూరలు, పప్పు గిన్నె, కోసిన పండ్లు, కింద అరలో చారు తపేలా.

రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారంలో పిల్ల సీసా నోట పెట్టగానే మొహం తిప్పేయడం మొదలెట్టింది. ఆ వెంటనే విరేచనాలు. సీసా వాసన చూస్తే పులుపు. ఒక చుక్క నాలిక మీద వేసుకుంటే సందేహమే లేదు, పాలు పులిశాయి.

కోడలు తల పట్టుకు కూర్చుంది. "నా పాలే మంచివి కావేమో అత్తయ్యా. రోజంతా ఆ ఇంజను వేడి పక్కన కూర్చుంటాను కదా. ఒంట్లోనే పాడైపోతున్నాయేమో."

"చాల్లే, పాలు ఒంట్లో పులుస్తాయా ఎక్కడైనా!" అని కసిరాను. కానీ మరి ఎక్కడ పులుస్తున్నాయో నాకూ తెలియదు. శుక్రవారం సాయంత్రం తను ఒక కాగితం రాసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. సోమవారం డిపోలో ఇచ్చేస్తుందట. రాజీనామా. అబ్బాయి ఏదో చెప్పబోతే, "పిల్లకంటే ఎక్కువా?" అని ఒక్కటే మాట అంది.

శనివారం కోడలు డ్యూటీకి వెళ్ళాక, పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు చూసి భయం లేదన్నారు. పక్కన ఉన్న నర్సమ్మ మాత్రం నన్ను వదల్లేదు.

"మీ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంటుంది పెద్దమ్మా?"

"ఎంతంటే ఏం చెప్తాం? చెయ్యి పెడితే చల్లగా తగుల్తుంది."

"చేతికి అలాగే ఉంటుంది. ఎండలోంచి వస్తే చెట్టు నీడా చల్లగానే తగుల్తుంది. అక్కడ పాలు దాస్తామా?"

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. అరవై రెండేళ్ళ చెయ్యి ఇది, దీనికి చల్లదనం తెలియదా అనబోయాను. ఈలోగా ఆవిడ టీకాల మందులుండే ఫ్రిజ్ తెరిచి చూపించింది. లోపల ఒక థర్మామీటరు. తలుపు మీద కాగితం, పొద్దున ఇంత, సాయంత్రం ఇంత అని గళ్ళలో అంకెలు. సీసాల మధ్య ఖాళీలు చూస్తే, ఇంత ఫ్రిజ్ పెట్టుకుని ఇంతేనా సామాను అనిపించింది.

"ఇంట్లో ఫ్రిజ్ నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి. దాటనివ్వకూడదు. ఇదిగో, ఈ ఇంకో థర్మామీటరు తీసుకెళ్ళండి, రెండు రోజుల్లో తెచ్చివ్వండి. మధ్య అరలో గ్లాసుడు నీళ్ళు పెట్టి అందులో ఉంచండి. ఊరికే గాల్లో పెడితే తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగిరిపోతుంది. రాత్రంతా కదపొద్దు, పొద్దున తలుపు తీయగానే చూడండి. అప్పటిదాకా దాచిన పాలు పారబోసి, బిడ్డకి నేరుగా పట్టించమనండి."

ఇంకో మాట కూడా చెప్పింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బిగువుగా ఉందో లేదో కాగితంతో చూడమంది.

ఇంటికొచ్చి సీసాలన్నీ సింకులో వంచాను. మధ్యాహ్నం కోడలు వచ్చి ఖాళీ సీసాలు చూసింది. "నర్సమ్మ పారబోయమంది" అన్నాను. అంతే అన్నాను. ఫ్రిజ్ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికే నాకు అనుమానం మొదలైంది. అనుమానమే కదా, తేలాక చెబుదాంలే అని సర్దిచెప్పుకున్నాను. తను ఖాళీ సీసా ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తన పాలు నిజంగానే మంచివి కావని అందరూ కలిసి తేల్చేశారనుకుంది పాపం. నేను ఆ అనుకోవడాన్ని ఆపలేదు. ఇప్పటికీ నా మీద నాకే కోపం వచ్చేది ఆ సాయంత్రాన్ని తలుచుకుంటేనే.

ఆదివారం పొద్దున్నే లేచి తలుపు తీసి, గ్లాసులోంచి థర్మామీటరు పైకెత్తాను. పదకొండు.

కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. పదకొండే.

తర్వాత పాత క్యాలెండరు కాగితం చింపి, తలుపు సందులో పెట్టి మూసి, లాగాను. పైన గట్టిగా పట్టుకుంది. పక్కన పట్టుకుంది. మధ్య అర ఎదురుగా పెడితే, వెన్నలోంచి దారం లాగినట్టు జారి వచ్చేసింది. వంగి చూశాను. నా గులాబి కుచ్చులు తలుపుకీ ఫ్రిజ్‌కీ మధ్య నలిగి ఉన్నాయి. ఏడు నెలలుగా ప్రతిరోజూ అక్కడే నలిగాయి. ఆ మేర రబ్బరు అణిగిపోయి పక్కకి ఒరిగింది. కింద అరలో నా తపేలా చెవి తలుపుని నెడుతూ ఉంది. లోపల వెనకవైపు చల్లగాలి వచ్చే కన్నాలకి నా గిన్నెలు అడ్డం. అరల మీద నా గుడ్డలు, గాలి కిందికి దిగే దారి లేకుండా. పాలసీసాలేమో తలుపులో, తెరిచినప్పుడల్లా బయటి వేడి ముందుగా తగిలే చోట. మోటారు ఆగకుండా మోగుతుంటే ఎంత బాగా పనిచేస్తోందో అని మురిసిపోయేదాన్ని. పాపం, అది చేతకాక మొత్తుకుంటోందన్నమాట.



నిజం చెబుతున్నాను, మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. గుడ్డలు తీసేసి, గిన్నెలు తగ్గించి, గుట్టుగా సర్దేస్తే ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ బాగుపడుతుంది, పాలు నిలుస్తాయి. కానీ కోడలు మాత్రం తన ఒంట్లోనే లోపం ఉందని నమ్మి రేపు ఆ కాగితం ఇచ్చేస్తుంది. నా పరువు కోసం తను ఉద్యోగం వదులుకోవాలా?

వెళ్ళి తనని తట్టి లేపాను.

"ఒకసారి రా తల్లీ."

పిల్లని భుజాన వేసుకుని వచ్చింది. అంకె చూపించాను. కాగితం పెట్టి లాగి చూపించాను. కుచ్చులు చూపించాను. ఎలా చెప్పాలో తెలియక అన్నీ కలిపి చెప్పేశాను. "తప్పంతా నాదే. నిన్ననే అనుమానం వచ్చింది, నోరెత్తలేదు. నువ్వేమన్నా పడతాను."

తను పదకొండు అంకె వైపే చూస్తోంది. "అయితే నా పాలు బాగానే ఉన్నాయా అత్తయ్యా?" అంది.

"బంగారంలా ఉన్నాయే పిచ్చిదానా! నేను పాడు చేశాను."

అక్కడే వంటింటి గచ్చు మీద కూలబడి ఏడ్చింది. నేనూ కూర్చున్నాను. పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసి, ఇదేదో ఆటనుకుని నవ్వింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా నెత్తిన పెట్టుకునేదాన్ని. ఆ ఒక్క ప్రశ్న మాత్రం తట్టుకోలేకపోయాను. మూడు వారాలు తను నా చేతికి సీసా ఇచ్చినప్పుడల్లా నమ్మకంగా ఇచ్చింది.

తర్వాత ఇద్దరం కలిసి ఫ్రిజ్ ఖాళీ చేశాం, కుచ్చుల గుడ్డలన్నీ తీసేశాం. నిలవైన కూరలు బయటికెళ్ళాయి. ఉల్లిపాయలు బుట్టలోకెళ్ళాయి. రబ్బరు మడతల్లో చేరిన జిడ్డు సబ్బునీళ్ళతో కడిగి, అణిగిన చోట వేడినీళ్ళలో ముంచిన గుడ్డ ఒత్తి ఒత్తి పెట్టాం. మూడోసారికి మెత్తబడి లేచింది. అబ్బాయి నిద్రకళ్ళతో వచ్చి, "ఫ్రిజ్‌కి కాపడం పెడుతున్నారేంటి?" అన్నాడు. వాడికి చెత్తబుట్ట పని అప్పజెప్పాం. అవసరమైనవే ఎడంఎడంగా, వెనక కన్నాలు వదిలి సర్దాం. సాయంత్రానికి థర్మామీటరులో అంకె ఆరుకి దిగింది. పడుకోబోయే ముందు తీసిన పాలు మధ్య అరలో, లోపలికి పెట్టాం.

సోమవారం ఇంకా చీకటిగానే ఉంది. కోడలు యూనిఫారం వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని వంటింట్లోకి వచ్చింది. నేను థర్మామీటరు తీసి తన చేతికే ఇచ్చాను. చదవడానికి నాకు ధైర్యం చాలలేదు.

"నాలుగు" అంది.

ఇంకా నమ్మకం కుదరలేదేమో, సంచి జిప్పు తీసి ఆ మడిచిన కాగితం బయటికి తీసింది. తను దాన్ని ఫ్రిజ్ తలుపులో, సరిగ్గా కుచ్చులు నలిగిన చోటే పెట్టి, తలుపు మూసి లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. సగం చిరిగి చేతిలోకి వచ్చింది, సగం తలుపులోనే ఉండిపోయింది.

చేతిలో ఉన్న సగం చెత్తబుట్టలో వేసి, "వస్తాను అత్తయ్యా, పిల్లకి తొమ్మిదింటికి మొదటి సీసా" అని చెప్పి బస్సు నడపడానికి వెళ్ళిపోయింది.

మిగిలిన సగం అలాగే ఉంచుకోవాలనిపించింది. కానీ ఆ సందులోంచి చల్లదనం పోతుంది. చటుక్కున తలుపు తీసి, దాన్ని లాగేసి, గట్టిగా మూశాను.