మొదటి నాలుగు సెకన్లు

ఇటిక్యాలలో నన్ను రీళ్ల దేవదాసు అంటరు. బీచుపల్లి కాడ కృష్ణలో ఒక వాలుగ చేప లారీ టైరు మింగిందని, దాన్ని కోస్తే టైరులో గాలి ఇంకా అట్లనే ఉందని ఒకప్పుడు చెప్పిన. అప్పటినుంచి ఆ పేరు పడింది. నేను దాచుకున్నది లేదు. లోకంలో నిజాలు చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు, ఒకడు తక్కువైతే ఏమైతది?

అందుకే నా మనుమరాలు నిరోష ఒకనాడు "తాతా, శనివారం లోపల నేను రీలు చెయ్యాలె" అంటే నవ్వొచ్చింది.

"నేనుండంగ నువ్వెందుకమ్మా కష్టపడుడు?" అన్న.

"ఆ రీలు కాదు. షోరీలు. ఇప్పటిదాంక నేను తీసిన పనిలకెల్లి మంచి మంచి ముక్కలు ఏరి ఒక్కటిగ కూర్చి చూపిస్తరు. అది చూసే పనిస్తరు."

నిరోష గద్వాలలో బట్టల దుకాణం మీద ఒక చిన్న గదిలో వీడియోలు తీసుడు, ఎడిటింగు చేసుడు పెట్టుకుంది. ఎవరి కింద నౌకరి కాదు, పిలిచినోళ్లకల్లా పోతది. పెండ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, చర్చిల బాప్తీస్మాలు, అప్పుడప్పుడు చీరల దుకాణం ప్రకటనో, ఏదన్న సంస్థ కోసం రైతుల మీద చిన్న సినిమానో. ఆరేండ్లు గిట్లనే గడిచినయి. ఇప్పుడు పెండ్లిళ్లకు పెద్ద పెద్ద కెమెరా గుంపులు బయటినుంచి వస్తున్నయి, ఈమెను పిలిచేటోళ్లు తగ్గిండ్రు.

అట్లాంటప్పుడు హైదరాబాదుల ఒక సంస్థకెల్లి ఉత్తరం వచ్చింది. వ్యవసాయ కూలికి పోయే ఆడోళ్ల మీద ఏడాది పొడుగు సినిమా తీస్తరంట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు తిరిగే కెమెరా మనిషి కావాలె. పంపే షోరీలుకు షరతులు మూడు: తొంభై సెకన్లు దాటొద్దు, మీ చేతితో తీసిందే ఉండాలె, శనివారం సాయంత్రం ఐదింటి లోపల పంపాలె.

"ఇది గాకపోతే?" అని అడిగిన.

"వనపర్తిలో ఫోన్ల దుకాణంలో కూసుంట. నా కెమెరా ఆ డ్రోను పిలగాడు ఉదయ్ కిరణ్ కొనుక్కుంటనన్నడు."

ఆ మాట నా దిక్కు చూడకుండ చెప్పింది.

సాయమ్మ పోయినంక నాకు ఇంట్ల పొద్దు పోతలేదు. సాయమ్మ నా పెండ్లాం, నిరోషకు అవ్వ. పోయిన ఆగస్టుల పదకొండు దినాలు దవాఖానలో ఉండి కండ్లు మూసింది. అప్పటినుంచి రోజు పొద్దుగాల బస్సెక్కి నిరోషతోని గద్వాల వస్త, ఆ గదిలో కిటికి కాడ కూసుంట.

శుక్రవారం పొద్దుగాల నిరోష రీలు ఒక తీరుకొచ్చిందని పిలిచింది. డ్రోను ఎగిరేసే ఉదయ్ కిరణ్ కూడా వచ్చిండు. పిలగాడు మంచోడే గని వానికి నేలమీద ఏముందో పైకెక్కి చూస్తేనే కనపడ్తది.

చూసినం. మొదలు బంగారు అచ్చరాలతోని ఆమె స్టూడియో పేరు నిప్పులల్ల తిరిగింది. తర్వాత సాయమ్మ ఫోటో. దండ, రెండు దిక్కుల దీపాలు, కింద "దివ్య ఆశీస్సులతో" అని రాసుంది. మా దిక్కు పెండ్లి వీడియోలల్ల పోయిన పెద్దోళ్లను గిట్లనే ముందు పెడ్తరు. ఆరేండ్లు అదే చేసింది గనుక ఆమె చెయ్యి దానంతటదే అట్ల చేసింది. ఆ తర్వాత తను తీసిన మొదటి పెండ్లి, రెండో పెండ్లి, మూడో పెండ్లి, ఏడాది వరుసన. వెనకంగ సినిమా పాట. మొత్తం మూడు నిమిషాల నలభై సెకన్లు, తొంభైకి కోసుడు ఇంకా మిగిలింది.

నేను తెర చూడలే, ఉదయ్ కిరణ్‌ను చూసిన. కథ చెప్పేటప్పుడు కూడా అంతే, నేను నా నోరు చూసుకోను, వినేటోని కండ్లు చూస్త. దండ ఫోటో కాడ తల దించిండు, మర్యాదకు. మొదటి పెండ్లిల తాళి కట్టేదానికే ఫోను తీసిండు.

"ఎట్లుంది?" అంది నిరోష.

"మంచిగుంది" అన్నడు ఉదయ్ కిరణ్, ఫోను జేబుల పెట్టుకుంట.

"వీడు చూడలేదమ్మా" అన్న.

ఆమె మొఖం వాడింది. నాకు బాధైంది గని ఆగలే.

"నేను వాలుగ కథ ఎట్ల మొదలుపెడ్త? మా తాత పేరు ఇది, మా ఊరు అది అని చెప్తనా? టైరు కాడ మొదలుపెడ్త. టైరు విన్నోడు లేవడు. నువ్వు టైరును ఎక్కడ పెట్టినవ్?"

నిరోష మల్ల చూసింది. వేలుతోని ముందుకు జరుపుకుంట, ఆపుకుంట. ఉప్పునుంతల కాడ బోరు పడి మొదటి నీళ్లు ఎగజిమ్మేది రెండు నిమిషాల పది కాడ ఉంది. మగ్గం మీద నేతగాని కాలు రెండు నిమిషాల ముప్పై కాడ ఉంది.

"అంతదాంక ఎవరూ రారు" అంది తనే మెల్లగ.

"ఇగ మీ అవ్వ ఫోటో తియ్యి."

ఆ మాటకు తలెత్తింది. "అవ్వను తీసెయ్యాల్నా తాతా?"

"ఆమె ఎవరో వాళ్లకు తెల్వదు. దండ చూస్తరు, ఎవరో పోయిండ్రు పాపం అనుకుంటరు. దండ వేసినంక మీ అవ్వ పని చెయ్యదు. వాళ్లకు పని చేసేటోళ్లు కావాలె."

చెప్పి, కిటికి దిక్కు తిరిగిన.

నిరోష అవ్వ ఫోటో తీసేసింది. నిప్పుల అచ్చరాలు తీసేసింది. సినిమా పాట మనది కాదని తీసేసింది. తర్వాత కృష్ణ బ్రిడ్జి మీదికెల్లి డ్రోనుతోని తీసిన సీను కూడా తీసేసింది.

"అది నేను ఎగిరేసింది గదా, పెట్టుకో. అందరు పెట్టుకుంటరు" అన్నడు ఉదయ్ కిరణ్.

"అందుకే తీసేస్తున్న. నా చేతిది కాదు. ఎట్ల తీసినవని అడిగితే ఏం చెప్పాలె?"

"నేనైతే చెప్త" అన్న. "గద్ద వీపు మీద కూసోని తీసిన అని."

ఇద్దరు నవ్విండ్రు. ఆ దినం నవ్వింది అదొక్కటే.

తర్వాత హార్డ్‌డిస్కు పెట్టెలల్ల దాచిన పాత వీడియోలన్ని తెరిచింది. పెండ్లి వీడియోలల్ల ఎవరు పెట్టుకోని ముక్కలు శానా ఉన్నయి. మండపం వెనక పెద్ద గిన్నెలు తోమే ఆడామె, చేతులకు బూడిద. మడమ నొచ్చి చెప్పు విడిచి గోడకు ఒరిగిన పెండ్లిపిల్ల అవ్వ. వనపర్తి మార్కెట్‌ల వేరుశనక్కాయ కుప్ప మీద చాట విసురుడు. ఇవన్ని ఏరి, ఒక్కొక్కటి రెండు సెకన్లు, మూడు సెకన్లు ఉంచింది. ఏండ్ల వరుస పక్కకు పెట్టింది. చాట ఎడమకు విసిరితే తర్వాతిదాంట్ల మగ్గం మీద దారం తీసుకపోయే నాడె కూడా ఎడమకే ఉరకాలెనంట, అప్పుడు కన్ను తడబడదంట. రెండు సప్పుడు చేసేవి అయినంక ఒక నిమ్మళమైంది. పాట బదులు వాటి సప్పుళ్లే, మగ్గం, నీళ్లు, చాట.

తొంభైకి కొంచెం తక్కువే వచ్చింది. గని మొదలు ఖాళీగుంది.

"నీళ్లు పెడ్త" అంది. "బోరు నీళ్లు గట్టిగుంటయి."

పెట్టి చూసింది. నీళ్లు బాగున్నయి. గని అట్లాంటి నీళ్లు అందరు తీస్తరని తనే తీసేసింది. తర్వాత ఒక పెట్టె తెరిచింది. దాని మీద ఏం పేరు లేదు, తారీకు ఒక్కటే ఉంది, మూడేండ్ల కిందిది.

ఒక సంస్థ కోసం అయిజ దిక్కు విత్తనాల కోసం పెంచే సీడుపత్తి చేన్లల్ల తీసింది. అక్కడ క్రాసింగు పని ఉంటది. ముందురోజు సాయంత్రం ఆడవరుస చెట్ల మొగ్గలల్ల పుప్పొడి కాడలు తీసేసి పెడ్తరు, తెల్లారి మొగవరుస పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతరు. ఒక్కొక్క పువ్వు చేతితోనే. తెర మీద రెండు చేతులు వచ్చినయి. గోరు సందుల పసుపు పుప్పొడి. ఎడమచేతి చూపుడు వేలికి కొడవలి కోసిన మచ్చ.

ఆ మచ్చ నాకు తెల్సు.

నలభై ఒక్క సెకన్లు. పువ్వును వేళ్ల నడుమ పట్టుకుంది, రుద్దింది, గుర్తుకు దారం చుట్టింది. కెమెరా కదలలే. నడుమల గొంతు వినబడ్డది, మొఖం కనపడలే: "జరుగు పిల్లా, ఎండకు అడ్డమొస్తున్నవ్." ఆఖరుకు చేతులు ఇంకో చెట్టు మీదికి పోయినయి. "అయిపాయె, ఇగ పో."

ఉదయ్ కిరణ్ ఫోను తియ్యలే.

"ఇదే మొదలు" అన్నడు.

"అంతా పెట్టలేను" అంది నిరోష. "నలభై ఒక్కటి పెడితే తక్కినవాటికి జాగ లేదు. నాలుగు సెకన్లు. రుద్దేది ఒక్కటే." మౌసు మీద చెయ్యి పెట్టింది గని నొక్కలే. "అవ్వను ఎట్ల కొయ్యాలె తాతా?"

నాకు నలభై ఒక్కటి కావాలె. నలభై రెండైతే ఇంకా మంచిది. నా బతుకుల ఏ కథనూ పొట్టిగ చెప్పలే, పొద్దు గూకేదాంక సాగదీసిన. గని ఈ పని దొరకకపోతే ఈ పిల్ల ఫోన్లకు అద్దాలు అంటించుకుంట కూసునేది కండ్ల ముందర కనబడ్డది.

"కొయ్యి" అన్న.

కోసింది. మొదటి నాలుగు సెకన్లు, పువ్వు మీద పువ్వు. మొదటి చూపుకు అడ్డం రావొద్దని నిరోష తన పేరు నాలుగో సెకను అయినంకనే మూలకు చిన్నగ వచ్చేటట్టు పెట్టింది. తర్వాత మగ్గం కాలు. నడుమల చాట, గిన్నెలు, గోడకు ఒరిగిన ముసలామె. గట్టిదాన్ని ఒకటి ఆఖరుకు దాచాలెనని నీళ్లు అటు పెట్టింది. నీళ్ల తర్వాత మల్ల ఆ చేతులు, ఇంకో చెట్టు మీదికి పోయేటివి, మూడు సెకన్లు, "అయిపాయె, ఇగ పో." దాని మీద పేరు, ఫోను నంబరు. ఎనభై ఆరు సెకన్లు.

ఉదయ్ కిరణ్ ఫోనుల ఒకసారి సప్పుడు లేకుండ చూసిండు. బస్సుల కూసోని చూసేటోళ్లు సప్పుడు పెట్టరు గదా అన్నది నిరోష. ఎనభై ఆరు సెకన్లు తల ఎత్తలే. శనివారం మూడింటికి పంపింది.

మంగళవారం ఫోనొచ్చింది. సుమన అంట, హైదరాబాదు సంస్థల మనుషులను ఎంచేటామె. నిరోష నాకు వినబడేటట్టు పెట్టింది.

"మీ రీలు చూసినం. ముగ్గురిని అనుకుంటున్నం, అందులో మీరొకరు" అందామె. "చాలామంది నాలుగు సెకన్లు బాగా చేస్తరు. మాకు ఏడాది పని. ఆ మొదటి షాటు కట్ చెయ్యకుండా మొత్తం పంపుతరా? కెమెరా పట్టిన చెయ్యి నిలబడ్తదో లేదో చూడాలె. నిలబడితే గురువారం ఉప్పునుంతల రండి, పని మొదలైతది." మల్ల, "ఆ చేతులామెను కూడా కలవొచ్చా? ఎవరామె?" అంది.

నిరోష నా దిక్కు చూసింది.

నా నాలిక మీదికి ఏదో వచ్చింది. సాయమ్మ కర్ణాటక దిక్కు పనికి పోయిందని, పంట అయినంక వస్తదని. ఆ రీలు అల్కగ వదిలేటోన్నే.

"నా పెండ్లామమ్మా" అన్న. "పోయిన ఆగస్టుల చచ్చిపోయింది."

"మొత్తం పంపండి" అందామె, మెల్లగ.

నిరోష పంపే ముందు ఒకసారి పెద్ద తెర మీద మొదటికెల్లి పెట్టింది, కెమెరా పట్టిన చెయ్యి ఎక్కడన్న వణికిందా అని. నేను లేచి పోయి తెర ముందర నిలబడ్డ. పువ్వు, పుప్పొడి, మచ్చ. అప్పటిదాంక ఎక్కడా వణకలే.

కిటికీలకెల్లి ఎండ నా వీపు మీద పడి, నా నీడ తెర మీది చేతుల మీద పడ్తుంది. "జరుగు పిల్లా" అని ఆమె గొంతు వచ్చే జాగ నాకిప్పుడు తెల్సు. అది రాకముందే ఒక అడుగు పక్కకు జరిగిన.