కునుకు తీసి లేచినా అక్కడే ఉండే మనుషులు

నాలుగో సంపుటం శుక్రవారం మధ్యాహ్నం అయిపోయింది. సోమవారం ఓమన పడవ ఆ ఇంటి రేవుకి తగిలేసరికి జెస్సీ వానలో గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. ఆ పిల్ల నీటి దగ్గరికి అంత దూరం రావడం ఓమన ఎప్పుడూ చూడలేదు.

ఓమన గ్రంథశాల మనిషి. వేంబనాడు సరస్సులోని లంకల్లో ఇంటింటికీ పుస్తకాలు ఇచ్చి, చదివినవి వెనక్కి తెస్తుంది. పడవ తనదే, తెడ్డు తనే వేస్తుంది.

జెస్సీ ఏలకుల తోటల కొండల మీంచి ఈ నీళ్ళ మధ్యకి కోడలిగా వచ్చింది. ఈత రాదు. పడవ ఊగితే కళ్ళు మూసుకుంటుంది. మొగుడు చాండీ ప్రయాణికుల బోటు నడుపుతాడు, చీకటి పడితే గాని ఇల్లు చేరడు. పగలంతా ఇంట్లో జెస్సీ, ఆమె అమ్మచ్చి అని పిలిచే, కళ్ళు మసకబారిన అత్త సోశామ్మ. చేపల పులుసులో పులుపు ఎంత పడాలన్న దగ్గర ఇద్దరికీ మాట కలిసేది కాదు. తగవులాడుకున్నా బాగుండేది. ఇద్దరూ నోరు మూసుకునేవారు.

వాళ్ళని కలిపింది ఒక నవల. 'కిళక్కేత్తర వాళ్ళు'. ఒకే ఇంట్లో మూడు తరాలు, నాలుగు లావు సంపుటాలు. వయసులో ఉండగా చదివిన ఆ నవలని సోశామ్మ కోడలి చేత పైకి చదివించుకుంది. భోజనాలయ్యాక వరండాలో పడక్కుర్చీలో ఆమె, గడప మీద జెస్సీ. అది అయ్యేసరికి ఏడాది పట్టింది. ఆ ఒక్క గంటా ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఉన్నట్టు వినిపించేది.

"అలాంటిది ఇంకోటి కావాలి చేచీ," అంది జెస్సీ, అక్కని అడిగినట్టు. "మూడు రోజులైంది. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పుస్తకం లేకపోతే ఇక టీవీ పెట్టుకుంటానంటోంది అమ్మచ్చి. టీవీ పెడితే నాతో ఆవిడకేం పని?"

అలాంటిది. ఓమన పనిలో అన్నిటికంటే తేలికగా వినిపించే మాట, అన్నిటికంటే మోసం చేసే మాట కూడా అదే.

ఆమె మోసపోయింది. గ్రంథశాల కార్యదర్శి వర్గీస్ మాష్‌ని అడిగింది. ఆయన రిటైరైన బడిపంతులు. కుటుంబ నవలల అర ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టి, కళ్ళు మూసుకుని ఏది లాగినా ఒక ఉమ్మడి ఇల్లు, ఒక వాటాల తగాదా గ్యారంటీ అన్నాడు. ఓమన ఒకటి లాగింది. అందులోనూ మూడు తరాలు, పెద్ద ఇల్లు, కాలవ గట్టు. సరిగ్గా అతికినట్టు ఉంది.

వారం తిరిగేసరికి అది వెనక్కి వచ్చింది. ఆ నవల్లో అత్త కోడల్ని తిడుతుంది. పేజీల కొద్దీ తిడుతుంది. ఆ తిట్లన్నీ జెస్సీ అత్త ఎదురుగా కూర్చుని పైకి చదవాల్సి వచ్చింది. నలభయ్యో పేజీలో సోశామ్మ చెయ్యెత్తి ఇక చాలు అందట. ఆ రోజు రాత్రి ఇద్దరూ వేరు వేరుగా అన్నం తిన్నారు.

ఓమన ఈసారి కథని పక్కనపెట్టి నెమ్మదిని పట్టుకుంది. ఇల్లూ లేదు, వాటాలూ లేవు. అద్దె గదిలో ఒక మనిషి, కిటికీ, అతని ఆలోచనలు. బహుమతి వచ్చిన నవల. ఎంత నెమ్మదంటే మూడో అధ్యాయానికి గాని అతను కుర్చీలోంచి లేవడు. అదీ వెనక్కి వచ్చింది. సోశామ్మ మధ్యలో కునుకు తీసి లేచేసరికి అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, దేని గురించో మాత్రం ఆమెకి తెలియలేదు. మళ్ళీ వెనక్కెళ్ళి చదవమంది. మళ్ళీ నిద్రపోయింది. మూడు రోజులు అదే పేజీ.

ఇంకొకటి తెస్తే చూద్దాం, అదీ పోతే టీవీయే అని సోశామ్మ కొడుకు చాండీతో చెప్పేసింది.

ఆ తర్వాతి సోమవారం ఓమన సంచి విప్పలేదు. గడప మీద కూర్చుని, జెస్సీ ఇచ్చిన పాలు లేని కట్టన్ చాయ తాగింది. వాన సరస్సునీ ఆకాశాన్నీ ఒకే రంగు చేసేసింది. ఎలాంటి పుస్తకం కావాలని ఆమె అడగలేదు. ఆ ప్రశ్నకి ఎవరైనా మంచిది కావాలనే అంటారు.

"చేడత్తీ, ఆ నాలుగు సంపుటాల్లో ఒక్కచోటు మళ్ళీ వినాలంటే ఏది వింటారు?"

సోశామ్మ పెళ్ళి ఘట్టం అంటుందనుకుంది. లేదా పెద్దాయన చావు. ఊరంతా ఏడ్చిన ఘట్టం అది.

ఆమె పడక్కుర్చీలో వెనక్కి వాలింది. కొబ్బరాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. తర్వాత నెమ్మదిగా, నిద్రలో నడుస్తున్న మనిషిలా చెప్పింది. పనస చిప్స్ వేయించే అధ్యాయం. ఆరుగురు ఆడవాళ్ళు పొద్దున్నించీ కూర్చుంటారు. ఒకతె కోస్తుంది, ఒకతె గింజ తీస్తుంది, ఒకతె నూనె దగ్గర. ఏమీ జరగదు. ఎవరో వస్తారు, ఉప్పు చూస్తారు, వెళ్తారు. సాయంత్రం అవుతుంది.

"నూనె దగ్గర కూర్చునేది త్రేసియా," అంది సోశామ్మ. "ఎప్పుడూ తనే. నాకు కళ్ళు కనబడకపోయినా ఆ వంటింట్లో ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పేయగలను."

జెస్సీ నవ్వింది. "అమ్మచ్చి నిద్రపోతే నేను ఆపను చేచీ. చదువుకుంటూ పోతాను. లేచి, ఇప్పుడెవరొచ్చారే అంటుంది. చెప్తాను. అంతే, మళ్ళీ అందులో ఉంటుంది. వాళ్ళంతా ఎక్కడికీ పోరు కదా."

ఓమన గ్లాసు కింద పెట్టింది. ఆ ముక్క ఇన్ని రోజులుగా ఈ వరండాలోనే ఉంది. తనే అడగలేదు. ఇక్కడ నెమ్మది అంటే కథ కదలకపోవడం కాదు. మనిషి కాసేపు కన్ను మూసినా కథలో మనుషులు తమ పీటల మీంచి లేచిపోకపోవడం.

ఇంకొక్కటే అడిగింది. ఏవి అస్సలు ఉండకూడదు? సోశామ్మ వేళ్ళు మడిచింది. వాటాలొద్దు. అత్తాకోడళ్ళు వద్దు. మూడో వేలు మడుస్తూ, నీళ్ళలో పడి ఎవరూ పోకూడదు అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ వారమంతా ఓమన పుస్తకాల్ని వెనకనించీ ముందునించీ కాక, మధ్యలో విప్పింది. మొదటి పేజీ ఎవరైనా ఒళ్ళు దగ్గరపెట్టుకుని రాస్తారు. రచయిత అసలు నడక తెలిసేది మధ్యలోనే. గదిలో ఎంతమంది ఉన్నారు? ఒక్కడే ఉంటే మూసేసింది. పది పేజీల్లో ఎంత కాలం గడిచింది? ఒక పూట అయితే ఉంచింది, పదేళ్ళు అయితే పక్కన పెట్టింది. అధ్యాయం ఎక్కడ ఆగుతోంది? తలుపు చప్పుడైతే, ఎవరో కేక పెడితే వద్దు. దీపం తగ్గించి పడుకుంటే కావాలి. తెలివితక్కువ మనిషి వస్తే రాసినవాడు అతన్ని చూసి నవ్వుతున్నాడా, అతనితో కలిసి నవ్వుతున్నాడా? ఇది ముఖ్యం. 'కిళక్కేత్తర వాళ్ళు'లో ఎవర్నీ వెక్కిరించరు, దొంగని కూడా.

ఇన్నీ దాటినదాన్ని పడవలో పైకి చదివి చూసింది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, పడవని దాని మానాన వదిలేసి. వాక్యం సగంలో ఊపిరి ఆగిపోతే అది చెవికి రాసింది కాదు. గుర్రపుడెక్క పూల మధ్య ఆమె గొంతు తేలుతూ పోయేది. ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళు, ఓమనకి పిచ్చి పట్టింది, తనకి తనే కథలు చెప్పుకుంటోంది అని కేకేసేవారు. మీకు చెప్పినా వినరు కదా అని ఆమె జవాబిచ్చేది.

శనివారానికి రెండు దొరికాయి. ఒకటి ఒక ఊరి రొట్టెల బట్టీ కథ. యాభై ఏళ్ళు, నలుగురు పనివాళ్ళు. పిండి, వేడి, పండగలు. ఇంకోటి చర్చి బ్యాండు మేళం వాళ్ళది. రెండూ పరవాలేదు. కానీ త్రేసియా ఎక్కడా లేదు. ఇక్కడ కూర్చునేది ఈమె అని వేలు పెట్టి చూపించగల మనిషి లేదు.

వర్గీస్ మాష్ తలుపులు మూస్తూ, ఒక్క ముసలమ్మ కోసం గ్రంథశాలంతా తవ్వుతున్నావు, ఇక వ్యవసాయం అర ఒక్కటే మిగిలింది, అదీ చూడు అని ఎగతాళి చేశాడు.

ఆమె చూసింది. ఎరువులు, కొబ్బరి తెగుళ్ళు, వాటి మధ్య 'ఏలకుల స్టోర్'. పేరు చూసి ఎవరో అక్కడ సర్దేశారు. ఈ జిల్లాలో పంట పేరున్న పుస్తకం రైతుకి తప్ప ఇంకెవరికి పనికొస్తుందనుకుంటారు? ఎవరూ తీసుకెళ్ళిన గుర్తు లేదు. ఓమన మధ్యలో విప్పింది. నవల. కొండ మీద ఏలకులు ఎండబెట్టే కొట్టం. ఎనిమిది మంది జల్లెళ్ళ ముందు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. కట్టెల పొయ్యి దగ్గర ఒకతను, ఎప్పుడూ అతనే. మధ్యాహ్నం సాయంత్రమైంది. పేజీలు పదకొండు.

"మాషే, ఇది నవల," అంది.

ఆయన పుస్తకం తీసుకుని తిరగేశాడు. నిలబడే రెండు పేజీలు చదివాడు. కూర్చున్నాడు. తర్వాత తాళాలు మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

ఓమనకి ఒక్కటే భయం. నీళ్ళు లేవు, చేపలు లేవు, చేడత్తి ఎన్నడూ చూడని కొండలు. అయినా మూడూ పట్టుకెళ్ళింది. బట్టీ కథ మీకు దగ్గరది, మేళం కాస్త దూరం, ఏలకులది ఇంకా దూరం అని చెప్పింది. యాభై పేజీల్లో పట్టకపోతే మానేయండి, పుస్తకం ఏమీ అనుకోదు అంది.

"ఏలకులా?" అంది సోశామ్మ. "పాయసంలో వేస్తే చాలదా, పుస్తకం కూడానా?" అయినా చెయ్యి మాత్రం దాని మీదే ఉంచింది.

తర్వాతి సోమవారం పొగమంచులాంటి వాన. పడవ రేవు చేరకముందే ఓమన చెవులు రిక్కించింది. చదువుతున్న గొంతు వినపడలేదు. టీవీ చప్పుడూ లేదు.

మెట్లెక్కి చూసింది. జెస్సీ గడప మీద లేదు. అత్త పడక్కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్ళో బోర్లా పడి ఉంది. రెండు చేతులూ గాలిలో ఆడిస్తోంది.

"ఇంత వెడల్పు జల్లెడ అమ్మచ్చీ. కింద గొట్టాల్లోంచి వేడి వస్తుంది. రాత్రంతా ఒకరు కలుపుతూ ఉండాలి. మా చాచన్ కలిపేవాడు," అంటోంది తండ్రిని తలుచుకుని. "పొద్దున ఇంటికొస్తే చొక్కా నిండా ఆ వాసనే."

"పొగ వాసనా, ఏలకుల వాసనా?"

"రెండూ. విడిగా చెప్పలేం. నేను ఆ చొక్కా కప్పుకుని పడుకునేదాన్ని."

సోశామ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. కునుకు వేళ దాటిపోయింది. ఆమె ఆ వాసన ఎలా ఉంటుందో ఊహిస్తున్నట్టు ముక్కు కాస్త పైకెత్తింది.

"మీ చాచన్ ఏ పక్కన కూర్చునేవాడు మోళే?" అంది, కూతుర్ని పిలిచినట్టు.

జెస్సీ వరండాలో లేని ఒక పొయ్యిని చూపించింది. "ఇక్కడ. తలుపు వైపు వీపు పెట్టి."

"చలి తగలదూ?"

ఓమన పుస్తకం వైపు చూసింది. గుర్తు కోసం పెట్టిన కోడి ఈక ఇంకా మొదటి అట్ట దగ్గరే, పది పదిహేను పేజీల్లోనే ఉంది. ఈ లెక్కన ఏడాది చాలదు. ఆమె సంచి తెరవలేదు. చప్పుడు చేయకుండా మెట్లు దిగి పడవలో కూర్చుంది. వెనక జెస్సీ గొంతు కొండల్లో నడుస్తోంది. మధ్యమధ్యలో ముసలామె ప్రశ్న ఒకటి దానికి అడ్డొచ్చి, దారి తిప్పి, ఇంకా లోపలికి తీసుకుపోతోంది.